నోటీసు బోర్డు మీద దీపావళి పద్యం



అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు ముందు ఎవరూ పనిగట్టుకుని నిలబడరు. లిఫ్టు దిగే లోపు అటు ఒక చూపు పడుతుంది. చేతిలో కూరల సంచి ఉంటుంది, పక్కన పిల్లవాడు చెయ్యి లాగుతుంటాడు. మెయింటెనెన్స్ బకాయిల జాబితా, ట్యాంకు కడిగే రోజు, సెల్లార్‌లో బండ్లు ఎక్కడ నిలపకూడదో చెప్పే హెచ్చరిక, ఇవన్నీ ఆ ఒక్క చూపు కోసమే పోటీ పడుతుంటాయి. దీపావళి శుభాకాంక్షల కాగితానికి కూడా దొరికేది ఆ కాస్త సమయమే. ఫోన్లలో వచ్చిన రంగుల బొమ్మనే ముద్రించి అంటిస్తే జనం దాన్ని ఎరిగిన ముఖంలా దాటిపోతారు. పొద్దున్నుంచి అదే బొమ్మను వాళ్ళు ఎన్నోసార్లు చూసి ఉంటారు కనుక.

ఆ చోట నిలిచేది చిన్న పద్యం. నాలుగు పాదాలు, పదిహేను పదహారు మాటలు చాలు. ఆ మాటల్లో ఆ భవనానికి సంబంధించిన ఒక దృశ్యం ఉంటే లిఫ్టు వచ్చినా మనిషి చివరి పాదం దాకా చదివే లోపలికి వెళ్తాడు. అలాంటి పద్యం మొదటి మాట నుంచి బోర్డు మీదకు ఎక్కేదాకా ఎలా తయారవుతుందో వరసగా చూద్దాం.

అయిదంతస్తులు, ఇరవై ఇళ్ళు ఉన్న ఒక అపార్ట్‌మెంట్ అనుకుందాం. సంఘం కార్యదర్శి ఇంకా నలభై దాటని ఉద్యోగి. మూడో అంతస్తులో ఒక విశ్రాంత తెలుగు మాస్టారు ఉంటారు. పండక్కి వారం ముందు కార్యదర్శి ఆయన తలుపు కొట్టాడు.

"మాస్టారూ, బోర్డు మీద పెట్టడానికి దీపావళికి నాలుగు ముక్కలు రాసిపెట్టండి. సిరులు, సంపదలు, సుఖశాంతులు అన్నీ వచ్చేలా చూడండి."

"అవన్నీ ఉన్న పద్యం ఏ భవనంలో అంటించినా ఒకటేనయ్యా. మన భవనంలో దీపావళి నాడు ఏం జరుగుతుందో అది చెప్పు ముందు" అన్నారు మాస్టారు.

కార్యదర్శి కాసేపు ఆలోచించాడు. పిల్లలు మెట్ల మలుపుల్లో గోడవారగా దీపాలు పెడతారని చెప్పాడు. ఎవరింట్లో వండిన అరిసెలో బూరెలో గిన్నె మారి గిన్నె పై అంతస్తు దాకా వెళ్తాయన్నాడు. పండగ చేసుకోని ఇల్లు కూడా ఆ సందడికి తలుపు తీసే ఉంచుతుందన్నాడు. మాస్టారికి కావలసింది దొరికింది. దీపాలు మెట్ల మీద ఉన్నాయి, మెట్లు ఇళ్ళను కలుపుతున్నాయి, పక్కింటి సందడి మన ఇంట్లోకి వస్తోంది. పద్యానికి విషయం ఇంతే.

ఇక్కడ కార్యదర్శికి ఒక సందేహం వచ్చింది. నరకాసురుడు, సత్యభామ లేకుండా దీపావళి పద్యమా అని. ఇంట్లో చదువుకునే పద్యమైతే ఆ కథ బాగానే ఉంటుంది. ఇరవై ఇళ్ళ బోర్డు సంగతి వేరు. తెలుగు ఇళ్ళలోనే పండగ రెండు మూడు తీరులుగా ఉంటుంది. కోస్తా పల్లెల నుంచి వచ్చిన కుటుంబం అమావాస్య సాయంత్రం గోగుకాడలకు నూనెగుడ్డ పీలికలు చుట్టి, వెలిగించి, పిల్లల చేత తిప్పించి, ఆ తర్వాత కాళ్ళు కడిగించి నోట్లో తీపి పెడుతుంది. తెలంగాణ ఇంట్లో చతుర్దశి తెల్లవారుజామున ఆడవాళ్ళు ఇంటిల్లిపాదికీ హారతులు ఇస్తారు. నోము ఉన్న ఇళ్ళలో కేదారేశ్వర నోము పట్టుకుంటారు. పక్కనున్న తమిళ కుటుంబానికి అసలు పండగ చతుర్దశి నాడే, తెల్లవారక ముందే తలంటుతో అయిపోతుంది. జైనులకు అది పావాపురిలో మహావీరుడు నిర్వాణం పొందిన రోజు. బెంగాలీ ఇంట్లో ఆ రాత్రి కాళీ పూజ. గుజరాతీలకు మర్నాడు కొత్త సంవత్సరం.

వీళ్ళలో ఏ ఒక్కరి కథను పద్యంలో పెట్టినా మిగిలినవాళ్ళు అది తమకు కాదనుకుంటారు. ఆ ఏడాది ఎవరింట్లోనైనా మనిషి పోయి పండగ లేకపోతే, భోగభాగ్యాలు ముంచెత్తాలనే పద్యం వాళ్ళ ముఖం మీదే పలికినట్టు ఉంటుంది. దీపం మాత్రం అందరికీ సరిపోతుంది. పక్కింటి సందడి అన్న మాట పండగ లేని ఇంటిని కూడా బయట ఉంచదు. అందుకే మాస్టారు కథ జోలికి పోలేదు.

తర్వాత ఏ ఛందస్సు అన్నది తేల్చుకోవాలి. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలలో ఇరవై ఒకటి. ఇవి సభలో గొంతెత్తి చదివితే బాగుంటాయి. లిఫ్టు దగ్గర నిలబడి చదివేవాడికి రెండో పాదంలోనే దారి తప్పుతుంది. కందం చిన్నదే కానీ నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలి. ప్రాస కోసం మాటలు వెతకడంలో చెప్పదలచిన దృశ్యం జారిపోతుంది. సీసం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎత్తుగీతితో కలిపితే కాగితమంతా అదే ఆక్రమిస్తుంది. మిగిలింది ఆటవెలది. వేమన పద్యాల పుణ్యమా అని బడికి వెళ్ళిన ప్రతి తెలుగువాడి చెవికీ దాని నడక తెలుసు. ప్రాస నియమం లేదు. పాదం పొట్టి. బోర్డుకు ఇంతకంటే అనువైనది దొరకదు.

ఆటవెలది లెక్క వినడానికి భయంగా ఉంటుంది కానీ చేతిలో పట్టేంతే ఉంది. పలికితే ఒక చిటిక పట్టే అక్షరం లఘువు, రెండు చిటికలు పట్టేది గురువు. 'మీద' అన్న మాటలో 'మీ' గురువు, 'ద' లఘువు. దీర్ఘం ఉన్నా, పక్కన సున్న ఉన్నా, తర్వాతి అక్షరం ఒత్తుతో వచ్చినా ఆ అక్షరం గురువవుతుంది. 'మెట్టు'లో 'మె' పొట్టిదే అయినా వెనక 'ట్టు' ఉంది కనుక అది గురువు.

సూర్యగణాలు రెండే రెండు. ఒక గురువు, ఒక లఘువు కలిస్తే ఒకటి, 'మెట్టు'లాగా. మూడు లఘువులు కలిస్తే రెండోది, 'గడప'లాగా. ఇంద్రగణాలు ఆరు, ఇవి కాస్త పొడుగు. 'పండుగ', 'దీపాలు', 'మెరిసేటి' లాంటి మాటలు ఈ కోవలోకి వస్తాయి. ఆటవెలది ఒకటి, మూడు పాదాల్లో మొదట మూడు సూర్యగణాలు, వాటి వెనక రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. దాన్నే యతి అంటారు. అది కుదరకపోతే ప్రాసయతి వేసుకునే వెసులుబాటు కూడా ఆటవెలదికి ఉంది.

తప్పు పట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. సూర్యగణం రెండు రకాల్లో ఏదైనా లఘువుతోనే ముగుస్తుంది. అందువల్ల రెండు, నాలుగు పాదాల్లో ఎక్కడా రెండు గురువులు పక్కపక్కన రావు. ఒకటి, మూడు పాదాల మొదటి సగంలో కూడా రావు. చదువుతుంటే రెండు బరువైన అక్షరాలు వరసగా తగిలాయంటే అక్కడ లెక్క చెడిందన్నమాటే. పుస్తకం తెరవక్కర్లేదు, చిటికె చాలు.

మాస్టారు కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి పాదం మొదలుపెట్టారు. కార్యదర్శి తనకు తోచింది చెప్పాడు. "మెట్ల మీద దీపాలు మెరుస్తున్నాయి."

"చిటిక వేసి చూడు" అన్నారు మాస్టారు. 'మెట్ల' సరిపోయింది, 'మీద' సరిపోయింది. మూడో గణం దగ్గరికి వచ్చేసరికి 'దీపా' అని రెండు గురువులు వరసగా వచ్చాయి. అక్కడ ఉండాల్సింది సూర్యగణం. 'దీపాలు' అన్న మాట ఇంద్రగణం అంతటిది కనుక దాన్ని పాదం చివరికి జరపాలి. 'మెట్టు మెట్టు మీద' అంటే మూడు సూర్యగణాలు నిండుతాయి, పైగా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్నట్టు ఉంటుంది. వెనక 'దీపాలు మెరిసేను' అని పెట్టాడు కార్యదర్శి. గణాలు కుదిరాయి. యతి కుదరలేదు. పాదం 'మె'తో మొదలైంది, నాలుగో గణం 'దీ'తో మొదలవుతోంది, ఆ రెంటికీ మైత్రి లేదు. మాస్టారు రెండు మాటల చోట్లు మార్చారు. 'మెరిసేటి దీపాలు'. ఇప్పుడు 'మె'కు 'మె' కలిసింది. పాదం ఇలా వచ్చింది. మెట్టు మెట్టు మీద మెరిసేటి దీపాలు.

ప్రమిద అన్న మాట పెట్టొచ్చు కదా అని కార్యదర్శి అడిగాడు. 'మీద ప్రమిద' అన్నప్పుడు 'ద' తర్వాత 'ప్ర' వస్తుంది. విడిగా పలికితే 'ద' లఘువుగానే ఉంటుంది, కలిపి పలికితే ఒత్తు ప్రభావం దాని మీద పడి బరువెక్కుతుంది. ఇలా చదివేవాడిని బట్టి మారే చోటును బోర్డు పద్యంలో ఉంచకపోవడమే మేలని మాస్టారు దాన్ని పక్కన పెట్టారు.

రెండో పాదం అంతా సూర్యగణాలే. 'ఇళ్ళన్నీ కలుపుతుంటే' అని మొదలుపెడితే మొదటి మూడు అక్షరాలూ గురువులే, అడుగు ముందుకు పడదు. 'గడప' అంటే మూడు లఘువులు, రెండుసార్లు అంటే రెండు గణాలు. మూడో గణం చోట 'నేడు' పెట్టి 'గడప గడప నేడు కలుపుతుంటె' అన్నారు. పాదం మొదట 'గ', నాలుగో గణం మొదట 'క'. ఈ రెండూ ఒకే వర్గం అక్షరాలు, అచ్చు కూడా ఒకటే కనుక యతి చెల్లింది. చిటికె లెక్కా సరిపోయింది.

సరిపోయినా ఆ 'నేడు' మాత్రం నిలవలేదు. కాగితం ధనత్రయోదశి నాడే బోర్డెక్కుతుంది, పాడ్యమి దాటాక గానీ దిగదు. అన్ని రోజులూ 'నేడు' అంటుంటే ఏ రోజు నిజం? పైగా పండగ తేదీ మీదే ఒక్కోసారి ఏకాభిప్రాయం ఉండదు. 2024లో అమావాస్య రెండు తేదీల మీద పడి కొన్ని ప్రాంతాల్లో అక్టోబరు 31న, కొన్ని చోట్ల నవంబరు 1న పండగ చేసుకున్నారు. 'నేడు' తీసేసి అంతే కొలత ఉన్న 'తోడ' అన్న మాట పెట్టారు మాస్టారు. 'గడప గడపతోడ కలుపుతుంటె'. కాలం సంగతి పోయింది, ఒక గడపను ఇంకో గడపతో దీపాలు కలుపుతున్నాయన్న అర్థం తేటపడింది.

మూడో పాదంలో పక్కింటివాళ్ళు రావాలి. నోటి మాటగా 'పక్కింటి' అంటాం. అందులో 'పక్', 'కిం' రెండూ గురువులే, మళ్ళీ అదే అడ్డం. యడాగమం పెట్టి విడదీస్తే 'పక్కయింటి' అవుతుంది, చక్కగా రెండు సూర్యగణాలు. 'వారి' మూడోది. చివర 'పండుగ సందడి' రెండు ఇంద్రగణాలు. యతి 'ప'కు 'పం', ఏ చిక్కూ లేదు. పక్కయింటి వారి పండుగ సందడి.

నాలుగో పాదం దగ్గర ఇద్దరూ ఎక్కువసేపు ఆగారు. కార్యదర్శి 'మన ఇంటి పండుగే' అన్నాడు. 'మన యిం' అనేసరికి రెండు లఘువుల వెనక గురువు వచ్చి సూర్యగణం చెదిరింది. తర్వాత 'అందరికిని నేడు అందుగాక' అన్నాడు, ఆశీర్వాదంలా ఉంటుందని. చిటికె లెక్క కుదిరినట్టే కనిపించింది. కానీ 'నేడు' వెనక 'అందు' వస్తే పద్యంలో సంధి జరిగి తీరాలి. 'నేడందు' అవుతుంది, ఒక అక్షరం పోతుంది, పాదం కుంటుపడుతుంది. కొత్తగా రాసేవాళ్ళు తరచు పడే గుంట ఇదే. రెండు మాటల మధ్య అచ్చు వచ్చిన చోటల్లా ఆగి చూసుకోవాలి.

చివరకు మాస్టారు అన్నది ఇది. 'మనకు సొంతమౌను మనసు నిండ'. 'మనకు' మూడు లఘువులు. 'సొంత', 'మౌను' రెండు గురులఘువుల జంటలు. 'మనసు' మళ్ళీ మూడు లఘువులు, 'నిండ' చివరి జంట. యతి 'మ'కు 'మ'.

పద్యం మొత్తం ఒకసారి.

మెట్టు మెట్టు మీద మెరిసేటి దీపాలు
గడప గడపతోడ కలుపుతుంటె
పక్కయింటి వారి పండుగ సందడి
మనకు సొంతమౌను మనసు నిండ!

పదహారు మాటలు. యాభై అక్షరాలు. తాపీగా చదివినా లిఫ్టు కింది అంతస్తుకు వచ్చే లోపే అయిపోతుంది. నాలుగూ ఒకే వాక్యంగా సాగుతాయి, దీపాలు గడపలను కలుపుతుంటే సందడి మనదవుతుంది అని. ఏ పాదానికి ఆ పాదం విడిపోయి నాలుగు నినాదాల్లా మిగలకుండా ఈ ఒక్క వాక్యమే పద్యాన్ని పట్టి ఉంచుతోంది.

కార్యదర్శికి ఇంకో కొరత కనిపించింది. పద్యంలో దీపావళి అన్న పేరే లేదు, శుభాకాంక్షలూ లేవు. వాటిని పెట్టలేమా?

పెట్టొచ్చు, కానీ అన్ని చోట్లా ఒదగవు. 'దీపావళి' అన్న మాట రెండు గురువులతో మొదలవుతుంది. కనుక రెండు, నాలుగు పాదాల్లో దానికి చోటే లేదు. ఒకటో పాదంలోనో మూడో పాదంలోనో, అదీ నాలుగో గణంలోనే మొదలవ్వాలి. 'దీపావ' ఒక ఇంద్రగణమైతే, మిగిలిన 'ళి' తర్వాతి గణంలోకి జారుతుంది. 'దీపావళి శుభము' అంటే రెండు ఇంద్రగణాలూ కచ్చితంగా నిండుతాయి. 'శుభాకాంక్షలు' ఇంకా మొండిది. లఘువుతో మొదలై వెంటనే గురువు వస్తుంది. సూర్యగణాల్లో గానీ ఇంద్రగణాల్లో గానీ అలా మొదలయ్యేది ఒక్కటీ లేదు. అయితే దాని ముందు 'మా' అన్న ఒక్క అక్షరం పెడితే చాలు, 'మా శుభా' ఒక గణం, 'కాంక్షలు' ఇంకో గణం అయిపోతాయి. 'మంచి మనసుతోడ మా శుభాకాంక్షలు' అంటే నిఖార్సయిన ఆటవెలది మూడో పాదం. యతికి 'మం'కు 'మా' కూడా కుదిరింది.

కానీ ఆ పాదాన్ని లోపలికి తెస్తే పక్కింటి సందడి బయటికి పోవాలి. మాస్టారు దానికి ఒప్పుకోలేదు. దీపావళి శుభాకాంక్షలు అన్న రెండు మాటలను పైన శీర్షికగా పెద్ద అక్షరాల్లో పెట్టమన్నారు. పండగ పేరు, కోరిక అక్కడే చెప్పేస్తే పద్యం మీద ఆ బరువు ఉండదు.

ఇక కాగితం సంగతి. మామూలు ఎ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. నిలువుగా పెట్టి, రెండు పక్కలా రెండేసి సెంటీమీటర్లు వదిలితే పదమూడు అక్షరాల పొడుగు పాదం 30 పాయింట్ల నుంచి 36 పాయింట్ల అక్షరంలో విరగకుండా పడుతుంది. ఆ అక్షరం రెండడుగులు వెనక్కి నిలబడిన పెద్దవాళ్ళకూ కనిపిస్తుంది. పాదం మధ్యలో విరిగి రెండో వరసలోకి పోతే మాత్రం పద్యం నడక పోయి వచనంలా కనిపిస్తుంది. అలా విరిగితే అక్షరం తగ్గించాలి గానీ విరగనివ్వకూడదు.

తెలుగుకు వరసల మధ్య ఎడం ఇంగ్లీషు కంటే ఎక్కువ కావాలి. 'మెట్టు'లోని టవత్తు కిందికి దిగుతుంది, కింది వరసలోని గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి. ఎడం తక్కువైతే ఆ రెండూ ఢీకొంటాయి. ఒకటిన్నర వంతు ఎడం పెడితే చాలు. ఖతులకు కొరత లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామరాజ, గురజాడ, సురవరం, పొన్నాల లాంటి యూనికోడ్ ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. పద్యానికి మండలి లాంటి తేటైన అక్షరం, శీర్షికకు రామరాజ లాంటి లావుపాటి అక్షరం బాగుంటాయి. ఒకే కాగితం మీద మూడో ఖతి వద్దు.

కార్యదర్శి మొదట వీధిలో ఉన్న డీటీపీ దుకాణంలో పాత పద్ధతి ఖతిలో టైపు చేయించాడు. ఆ ఫైలు ఇంటికి తెచ్చి తెరిస్తే తెలుగు స్థానంలో అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి. యూనికోడ్ కాని ఖతుల్లో జరిగేదే ఇది. ఆ ఖతి లేని కంప్యూటర్‌కు అందులో తెలుగు కనిపించదు. నేరుగా ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైపు చేసి పీడీఎఫ్‌గా మార్చి ముద్రిస్తే ఆ బెడద ఉండదు. అచ్చుకు ముందు ఒత్తులు మరోసారి చూసుకోవాలి. 'మెట్టు'లో ఒత్తు ఎగిరి 'మెటు' అయిందంటే అచ్చుతప్పుతో పాటు గురువు కూడా పోయి పద్యం చెడుతుంది.

తెలుగు చదవలేని ఇళ్ళు అయిదారు ఉన్నాయి. పద్యాన్ని హిందీలోకో ఇంగ్లీషులోకో తర్జుమా చేయించాలా? అక్కర్లేదని తేల్చారు. కింద చిన్న అక్షరాల్లో ఆ రెండు భాషల్లోనూ మామూలుగా ఒక్కో వరస శుభాకాంక్ష రాశారు. ఎవరికైనా పద్యం అర్థం కావాలంటే పక్కింటివాళ్ళను అడుగుతారు.

టపాసుల నిబంధనలు పద్యం కాగితం మీద ఉండకూడదన్నది మాస్టారు పెట్టిన ఒకే ఒక్క షరతు. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీపావళి రాత్రి బాణసంచా కాల్చడానికి ఎనిమిది నుంచి పది గంటల వరకు సమయం నిర్ణయించింది. తక్కువ కాలుష్యం వెదజల్లే టపాసులనే అనుమతించింది, పేలే లడీలను నిషేధించింది. ఆ ఏటికి స్థానిక పోలీసులు ఇచ్చే ఆదేశాలు కూడా ఉంటాయి. అవన్నీ బోర్డు మీద పడాల్సినవే, కానీ వేరే కాగితం మీద. 'మనసు నిండ' అని చదివిన కన్ను వెంటనే 'అతిక్రమించినచో' అన్న మాట మీద పడితే పైనున్న ఆప్యాయత అంతా నోటీసుకు ముందుమాటలా మారిపోతుంది.

పద్యం వల్లే పుట్టే ఇంకో పని ఉంది. మెట్టు మెట్టు మీద దీపాలు అని బోర్డు చెబితే పిల్లలు నిజంగానే ప్రతి మెట్టు మీదా ప్రమిద పెడతారు. నిప్పు రేగితే జనం దిగాల్సిన దారి ఆ మెట్లే. పట్టు లంగా అంచు తగలొచ్చు, ఒలికిన నూనె మీద పెద్దవాళ్ళ కాలు జారొచ్చు. అందుకే నిబంధనల కాగితంలో ఒక వరస చేర్చారు. నూనె దీపాలు మలుపుల దగ్గర గోడవారగా, కింద పళ్ళెం పెట్టి, పెద్దలు దగ్గరుండగా వెలిగించాలి. మెట్ల మీద పెట్టదలచినవాళ్ళు బ్యాటరీ దీపాలు పెట్టుకోవాలి. పద్యంలో దృశ్యం అలాగే ఉంది, మెట్ల మీద దారీ ఉంది.

సంతకం దగ్గర అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అని పేర్ల వరస వద్దనుకున్నారు. పేర్లు పద్యం కంటే ఎక్కువ చోటు పట్టేట్టున్నాయి. 'మీ ఇరుగుపొరుగు' అని రాసి వదిలేశారు.

ఈ పద్యం అచ్చంగా ఆ భవనానికి కొలిచి కుట్టిందే. వేరే చోటికి తీసుకెళ్తే మొదటి పాదం మార్చుకోవాలి, మిగిలిన మూడూ చాలావరకు పనికొస్తాయి. దీపాలన్నీ డాబా మీద పెట్టుకునే భవనమైతే 'మేడ మేడ మీద మెరిసేటి దీపాలు' అనొచ్చు. 'మే'కు 'మె' యతి చెల్లుతుంది. వరస ఇళ్ళ కాలనీ అయితే, అది విజయవాడ శివార్లలో ఉన్నా, తెలుగువాళ్ళు నాలుగైదు ఇళ్ళుగా స్థిరపడిన అమెరికా వీధిలో ఉన్నా, 'వీధి వీధిలోన వెలిగేటి దీపాలు' సరిపోతుంది. 'వీ'కి 'వె' మైత్రి ఉంది, ఎందుకంటే ఇ, ఈ, ఎ, ఏ అన్న నాలుగు అచ్చులూ యతిలో ఒక జట్టు. పండక్కి ఇంటికి వెళ్ళలేక మిగిలిపోయిన పిల్లలుండే హాస్టలైతే 'గదుల గదుల ముందు కదిలేటి దీపాలు' అని మార్చి, రెండో పాదంలో గడపను అలాగే ఉంచుకోవచ్చు. మూడో పాదానికి మాత్రం వాళ్ళు కొత్తగా కసరత్తు చెయ్యాలి. 'పక్కగదిలొ వారి' అని మొదలుపెట్టి చూడొచ్చు. 'పక్క' ఒక గణం, 'గదిలొ' మూడు లఘువులతో రెండోది, 'వారి' మూడోది, వెనక 'పండుగ సందడి' ఎప్పటిలాగే. 'లో'ను కుదించి 'లొ' అనడం పెద్దలకు అంత రుచించదు. ఆ కుదింపు నచ్చనివాళ్ళు 'పక్కగదుల వారి' అని రాసుకుంటే చిటికె లెక్కా తప్పదు, భాషా చెడదు.